ఏఐ బొమ్మని లేబుల్ మీదకి ఎక్కించే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో లేబుళ్లు, డబ్బాలు, షాపు ఫ్లెక్సులు డిజైన్ చేస్తుంటాను. ఈ రెండేళ్లలో క్లయింట్లు బొమ్మ ముందే ఫోన్లో చేసుకుని వచ్చేస్తున్నారు, "ఇది పెట్టి ప్రింట్‌కి పంపెయ్ అన్నా" అంటారు, ఆ బొమ్మలో ఏముందో వాళ్లూ చూడరు. అందుకే నన్ను పదే పదే అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా ఒకటే, ఒకావిడ ఇంట్లో చేసి అమ్మే ఆవకాయ సీసా లేబుల్. బొమ్మలో ముసలమ్మ ఒకావిడ, చేతిలో జాడీ, పైన గుండ్రటి లోగో. ఆ ఒక్క లేబుల్లోనే అన్ని రకాల తలనొప్పులూ దొరికాయి నాకు.

ఏఐ గీసిన బొమ్మకి ఓనర్ ఎవరూ ఉండరు కదా, ఇంక భయం దేనికి?

ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిపేస్తున్నారు. బొమ్మ మీద హక్కు నీకు ఉందా లేదా అనేది ఒకటి, ఆ బొమ్మ వేరేవాళ్ల హక్కుని తొక్కుతోందా అనేది ఇంకోటి. మొదటిదానికి మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 2(డి)లో ఒక ముక్క ఉంది, కంప్యూటర్‌తో తయారైన పనికి దాన్ని తయారు చేయించిన మనిషే రచయిత అని. అది ఇప్పటి ఏఐ టూల్స్ రాకముందు రాసింది, ప్రాంప్ట్ కొట్టినవాడికి అది ఎంతవరకు వర్తిస్తుందో తేల్చిన పెద్ద తీర్పు నేను చూడలేదు. అమెరికాలో అయితే 2025 మార్చిలో అప్పీల్ కోర్టు, మనిషి రచయితగా లేని పనికి కాపీరైట్ లేదు అని థాలర్ కేసులో చెప్పేసింది.

కానీ నీకు హక్కు లేకపోయినంత మాత్రాన అవతలివాడి ట్రేడ్‌మార్క్ మాయమైపోదు కదా. పొలానికి పట్టా లేదని పక్కోడి గట్టు దున్నేస్తే ఊరుకుంటాడా?

సరే, చెక్ చెయ్యడం ఎక్కడ మొదలెట్టాలి?

బొమ్మ చూడక ముందు అది ఎక్కడ నుంచి వచ్చిందో అడగాలి. నేను క్లయింట్‌ని నాలుగు అడుగుతా: ఏ టూల్, ఏ ప్లాన్, ఏ తేదీన చేశారు, లోపలికి ఏదైనా ఫొటో ఇచ్చారా. సగం కేసుల్లో గొడవ ఈ నాలుగో దగ్గరే బయటపడుతుంది.

ఆవకాయ లేబుల్ విషయంలో ఆవిడ మొదట "ఏమీ ఇవ్వలేదండీ, ఊరికే రాశాను" అంది. కాసేపాగి వాళ్లబ్బాయి చెప్పాడు, సూపర్‌మార్కెట్లో ఒక పెద్ద కంపెనీ పచ్చడి సీసాని ఫొటో తీసి "ఇలాంటి స్టైల్లో చెయ్" అని ఇచ్చాడట. అయిపోయింది, ఇంక ఆ బొమ్మ చూడాల్సిన పని కూడా లేదు, పక్కన పెట్టేశా. ఎందుకంటే రేపు గొడవొస్తే "అనుకోకుండా పోలిక వచ్చింది" అనే మాట మన నోట్లోంచి రాదు, వాళ్ల లేబుల్ చూసే చేశామని మన దగ్గరే రుజువు ఉంది.

ఫ్రీ ప్లాన్లో చేసిన బొమ్మ అమ్మకానికి వాడొచ్చా?

టూల్‌ని బట్టి, ప్లాన్‌ని బట్టి, ఒక్కోసారి నీ కంపెనీ సైజుని బట్టి కూడా మారుతుంది. మిడ్‌జర్నీ రూల్స్‌లో ఏడాదికి 10 లక్షల డాలర్ల పైన ఆదాయం ఉన్న కంపెనీ అయితే ప్రో లేదా మెగా ప్లాన్ తీసుకోవాలి అని ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ కొత్త మోడళ్లకి కమ్యూనిటీ లైసెన్స్‌లో కూడా అదే 10 లక్షల డాలర్ల గీత. పచ్చళ్లావిడకి అది తగలదు, కానీ నువ్వు ఏదైనా పెద్ద చిట్‌ఫండ్ కంపెనీకి పని చేస్తుంటే తగులుతుంది, అక్కడ లెక్కలోకొచ్చేది నీ ఆదాయమా క్లయింట్ ఆదాయమా అన్నది రూల్స్ చదివి తేల్చుకో.

ఇంకో చోట చాలామంది జారిపోతారు. సొంత కంప్యూటర్లో మోడల్ నడిపేవాళ్లు దాని మీద లోరా అని చిన్న ఫైలు తగిలిస్తారు, ఏదో ఒక స్టైల్ కోసమో మొహం కోసమో. మోడల్ లైసెన్స్ వేరు, లోరా లైసెన్స్ వేరు. సివిట్‌ఏఐ లాంటి సైట్లలో లోరా పేజీలోనే, దాంతో చేసిన బొమ్మలు అమ్ముకోవచ్చా లేదా అని చేసినాయన గుర్తులు పెట్టి ఉంచుతాడు. అదెవరూ చూడరు. పైగా లోరా పేరే ఒక హీరోయిన్ పేరైతే ఇంక లైసెన్స్ చదివి లాభం లేదు.

నేను చేసేదేంటంటే బొమ్మ చేసిన రోజు ఆ టూల్ రూల్స్ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఆ జాబ్ ఫోల్డర్లో పడేస్తా. రూల్స్ మారతాయి, మనం చేసిన రోజు ఏముందో తర్వాత చూపించాలంటే మన దగ్గర ఉండాలి.

నేను ఏ కంపెనీ పేరూ రాయలేదు, అయినా పెద్ద బ్రాండ్ లాంటి లోగో ఎందుకు వచ్చింది?

మోడల్ నేర్చుకున్న బొమ్మల్లో ఒకే బొమ్మ వందలు వేలసార్లు ఉంటే అది మోడల్లో గట్టిగా అచ్చుపడిపోతుంది. 2023లో గూగుల్, ఇంకొన్ని యూనివర్సిటీల పరిశోధకులు స్టేబుల్ డిఫ్యూజన్ మీద ఇదే పరీక్షించారు, ఎక్కువసార్లు రిపీట్ అయిన మూడున్నర లక్షల బొమ్మల వివరణలు ఏరి, వాటినే ప్రాంప్టులుగా ఇచ్చి చూస్తే వందకి అటూ ఇటూ బొమ్మలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే బయటికొచ్చాయి. శాతంలో చూస్తే చాలా తక్కువే. కానీ అలా అచ్చు దిగేవి ఏవో గమనించు, లోకంలో ఎక్కువ చోట్ల కనపడేవి: పేరున్న లోగోలు, పోస్టర్లు, పేరున్న మొహాలు. అంటే మనకి కేసు తెచ్చిపెట్టేవే.

పైగా "పచ్చడి సీసా" అంటే మోడల్‌కి గుర్తొచ్చేది మార్కెట్లో ఎక్కువ ఫొటోలున్న పచ్చడి సీసానే, కాబట్టి పేరు రాయకపోయినా ఎరుపు పసుపు రంగులు, ఆ గుండ్రం, ఆ ఆకు అన్నీ అటే జారతాయి.

లోగో పోలిక ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పక్కపక్కన పెట్టి చూశాను, తేడాలు చాలా ఉన్నాయి.

పక్కపక్కన పెట్టి చూడటమే తప్పు, అందరూ చేసే తప్పు కూడా. సుప్రీంకోర్టు 1972లో పార్లే కంపెనీ, మైసూరులోని ఒక బిస్కెట్ల కంపెనీ మధ్య కేసులో ఇది తేల్చింది. పార్లే గ్లూకో కాగితం మీద పొలం దగ్గర బకెట్ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు కోళ్లు. మైసూరు వాళ్ల కాగితం మీద కూడా అమ్మాయే, కానీ తలమీద గడ్డిమోపు, చేతిలో కొడవలి, చుట్టూ ఆవులు కోళ్లు. పక్కన పెడితే తేడాలు బోలెడు. కోర్టు ఏమందంటే కొనేవాడు రెండూ చేతిలో పట్టుకుని పోల్చడు, ఒకరోజు ఒకటి చూసినవాడు ఇంకోరోజు రెండోది చూస్తే అదే అనుకుంటాడా అన్నది చూడాలి, ముఖ్యమైన లక్షణాలు కలిశాయా అన్నది చూడాలి అని, పార్లే వైపే తీర్పిచ్చింది.

ఇది చదివాక నేను చెక్ చేసే పద్ధతి మార్చుకున్నా. బొమ్మని ఫోన్లో గోరంత సైజుకి తగ్గించి, సంబంధం లేని మనిషికి రెండు సెకన్లు చూపించి తీసేస్తా. ఆవకాయ లేబుల్ రెండో వెర్షన్ని ఇలాగే మా బిల్డింగ్ కింద కిరాణా కొట్టు బాబాయికి చూపించి "ఇదేం పచ్చడి బాబాయ్" అన్నా. ఆయన టక్కున ఒక బ్రాండ్ పేరు చెప్పి, "రేటు పెంచారా మళ్లీ?" అన్నాడు. మా లేబుల్ మీద అప్పటికి పేరు కూడా లేదు, ఒట్టి గుండ్రం, మామిడికాయ, ఎర్ర అంచు అంతే.

చూపించేటప్పుడు "ఫలానా బ్రాండ్‌లా ఉందా" అని మాత్రం అడగొద్దు, అడిగితే ఎవరైనా అవుననే అంటారు. పేరు ఇవ్వకుండా ఏం గుర్తొస్తుందో అడుగు. అలాగే ఒకసారి రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్‌లో చూపించు, ఒకసారి రంగులతో. రంగుతోనే పోలిక వస్తుంటే రంగు మారిస్తే సరిపోవచ్చు, బ్లాక్ అండ్ వైట్‌లో కూడా అదే పేరు చెప్తుంటే ఆకారమే పోలింది, దాన్ని అతుకులేసి బాగుచెయ్యలేవు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో బొమ్మని ఎలా వెతకాలి? పేరు అయితే టైప్ చేస్తా, బొమ్మని ఏం టైప్ చెయ్యను?

ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్స్ కింద పబ్లిక్ సెర్చ్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. అందులో Wordmark, Phonetic, Vienna Code అని మూడు రకాలుంటాయి. బొమ్మలకి మూడోది. వియన్నా కోడ్ అంటే బొమ్మలో ఉన్నవాటికి నంబర్లు ఇచ్చిన ఒక అంతర్జాతీయ లిస్టు, 2 అంటే మనుషులు, అందులో 2.3 ఆడవాళ్లు, 5 అంటే చెట్లు మొక్కలు, అందులో 5.7 గింజలు పళ్లు, 26 గీతల ఆకారాలు. మా లేబుల్‌కి 2.3 ఒకటి, 5.7 ఒకటి వెతికాను.

క్లాస్ కూడా ఇవ్వాలి, అంటే సరుకు ఏ రకందో చెప్పే నంబరు. ఊరగాయలు 29లో వస్తాయి, సాసులు, మసాలాలు, చట్నీ లాంటివి 30లో. మన పచ్చళ్లు ఈ రెండింటి మధ్య ఊగుతుంటాయి కాబట్టి రెండూ చూడాలి. ఒక్క 29 చూసి ఊరుకుంటే పక్క క్లాసులో ఉన్న పొడుల కంపెనీ లోగో మిస్ అవుతావు.

ఆ తర్వాత పని బోరింగే, ఒప్పుకుంటున్నా. వరసగా చిన్న చిన్న బొమ్మలు వస్తాయి, ఒక్కోటి చూసుకుంటూ పోవాలి, నాకు ఒక సాయంత్రం పట్టింది. దగ్గరగా అనిపించినవాటి అప్లికేషన్ నంబరు, స్టేటస్, స్క్రీన్‌షాట్ దాచుకో. రిజిస్టర్ కాకుండా ఇంకా అప్లికేషన్ దశలో ఉన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే రిజిస్టర్ అయ్యాక హక్కు వాళ్లు అప్లై చేసిన తేదీ నుంచి లెక్క.

రిజిస్ట్రీలో ఏమీ తగల్లేదు. ఇంక సేఫే కదా?

కాదు. రిజిస్టర్ చేసుకోకపోయినా చాలా ఏళ్లుగా అదే బొమ్మతో అమ్ముకుంటూ పేరు తెచ్చుకున్నవాడు పాసింగ్ ఆఫ్ అనే కేసు వెయ్యొచ్చు, ట్రేడ్‌మార్క్స్ చట్టం 1999 సెక్షన్ 27 ఆ దారి తెరిచే ఉంచింది. మన దగ్గర ఊరూరా పాతకాలం నాటి పచ్చళ్ల బ్రాండ్లు, పొగాకు బ్రాండ్లు, అగరబత్తి బ్రాండ్లు ఇలాగే ఉంటాయి, కంప్యూటర్లో కనపడవు కానీ బజారంతా తెలుసు. అందుకే కిరాణా కొట్టు బాబాయి సెర్చ్ కూడా చెయ్యాల్సిందే. ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో "ఆవకాయ" అని కొట్టి మొదటి ఐదారు పేజీలు కూడా కిందకి జరుపుతూ చూడు.

ఇంకో సంగతి, బాగా పేరున్న మార్కులకి క్లాసుతో పనిలేదు. సెక్షన్ 29(4) ప్రకారం వేరే రకం సరుకు మీద వాడినా అడ్డుకోవచ్చు. పచ్చడి సీసా మీద షూ కంపెనీ టిక్ గుర్తు లాంటిది వస్తే "నేను షూలు అమ్మట్లేదుగా" అంటే కుదరదు.

బొమ్మలో మూలల్లో వచ్చే చిన్న స్టాంపులు, అర్థంలేని అక్షరాలు వదిలేయొచ్చా?

వదలొద్దు, 400 శాతం జూమ్ చేసి నాలుగు మూలలూ చూడు. తిండి వస్తువు బొమ్మ అనగానే మోడల్ దానంతట అది ఆకుపచ్చ చుక్క, "ఆర్గానిక్" లాంటి గుండ్రటి ముద్ర, అగ్‌మార్క్‌నో ఐఎస్‌ఐనో పోలిన స్టాంపు గీసేస్తుంది. మా లేబుల్లో జాడీ మెడకి వేలాడే చీటీ మీద ఐఎస్‌ఐ లాంటి గుర్తు వచ్చింది, మొదటి రెండుసార్లు నేనే చూడలేదు. లైసెన్స్ లేకుండా ప్రమాణాల ముద్ర వెయ్యడం బీఐఎస్ చట్టం 2016 ప్రకారం నేరం, ఇది పోటీ కంపెనీతో గొడవ కాదు, సర్కారుతో గొడవ. ఇలాంటివి మొత్తం చెరిపెయ్. వెజ్ చుక్క లాంటివి నిజంగా వెయ్యాల్సినవి ఉంటే రూల్ ప్రకారం కొలతలతో మనమే విడిగా వెయ్యాలి.

మసక వాటర్‌మార్క్ లాంటి చార వచ్చినా బొమ్మ పారెయ్. స్టేబుల్ డిఫ్యూజన్, ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ కంపెనీ వాటర్‌మార్క్‌ని పోలినవి గీసినందుకే లండన్ హైకోర్టు 2025 నవంబరులో కొంతమేర ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన జరిగిందని తేల్చింది. మిగతా ఆరోపణలు చాలావరకు నిలబడలేదు, ఈ వాటర్‌మార్క్ ముక్కే నిలబడింది.

మొహం సంగతేంటి? ఆ మనిషే లోకంలో లేదు కదా, ఏఐ కల్పించింది.

కల్పించిందే, కానీ చూసినవాళ్లకి ఒక నిజం మనిషి గుర్తొస్తే ఆ మనిషికి సమస్యే. మా లేబుల్‌కి ఇచ్చిన ప్రాంప్ట్ ఇంతే:

```
smiling old Telugu grandmother, cotton saree,
big round bindi, holding pickle jar, warm light
```

నాలుగు బొమ్మలొచ్చాయి, మూడింట్లో ఒకే మొహం. నాకు పట్టలేదు. ఐదుగురికి విడివిడిగా పంపి "ఈవిడ ఎవరు" అని ఒక్క ముక్క అడిగితే ముగ్గురు ఒకే పేరు చెప్పారు, ఒకప్పుడు అమ్మ పాత్రలు చాలా వేసిన నటి. మా అమ్మయితే ఆ నటి చేసిన సినిమాలన్నీ వరసపెట్టింది, నేను ఆపాల్సి వచ్చింది. కారణం ముందు చెప్పినదే, "తెలుగు ముసలమ్మ, పెద్ద బొట్టు, నవ్వు" అన్న మాటలకి మోడల్ చూసిన ఫొటోల్లో ఎక్కువ ఆవిడవే అయ్యుంటాయి. ఎంత చిన్న సమూహాన్ని వర్ణిస్తే పోలిక వచ్చే ఛాన్స్ అంత ఎక్కువ. "ముసలావిడ" కంటే "తెలుగు ముసలావిడ" ఎక్కువ రిస్క్, "ఎనభైల నాటి తెలుగు సినిమా లుక్" అంటే ఇంక అడిగి తెచ్చుకున్నట్టే.

మనుషులకి చూపించడం అయ్యాక మెషీన్ చెక్. మొహం మాత్రమే కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెయ్యి, తర్వాత అద్దంలోలా ఎడమ కుడి తిప్పి మళ్లీ వెయ్యి, ఒక్కోసారి తిప్పితేనే దొరుకుతుంది. టిన్ఐ అనేది ఉన్న ఫొటోకి కాపీలు వెతుకుతుంది, పోలికలు వెతకదు, కాబట్టి అందులో ఏమీ రాలేదంటే మొహం సేఫ్ అని అర్థం కాదు, బొమ్మ మొత్తం ఎక్కడి నుంచో ఎత్తింది కాదు అన్నంత వరకే. మొహాలని వెతికే సైట్లు కూడా ఉన్నాయి గానీ నేను నిజం మనుషుల ఫొటోలు వాటిలో వెయ్యను.

ముక్కు కొంచెం మార్చి, పుట్టుమచ్చ తీసేస్తే సరిపోదా?

సరిపోదు. ఒకసారి "ఈవిడ ఫలానా" అని తెలిశాక మార్చడం మొదలెడితే అది దాచడానికి చేసిన పనిలా కనపడుతుంది. నేను ప్రాంప్ట్ నుంచి మళ్లీ మొదలెట్టా, మొహాన్ని వివరంగా రాశా, సన్నటి మొహం, నెరిసిన జుట్టు ముడి, కళ్లజోడు, చిన్న బొట్టు, చామనఛాయ అని. కొత్త బొమ్మ చూపిస్తే ఐదుగురిలో ఒకరు "మా పెద్దమ్మలా ఉంది" అన్నారు, ఇంకొకరు "తెలీదు" అన్నారు, మిగతావాళ్లు తలో పేరు చెప్పారు. అదీ మనకి కావాల్సింది, అందరికీ వేరు వేరు పేర్లు రావడం.

పోనీ కావాలనే హీరో పోలిక పెడితే? పేరు రాయం కదా, లోకల్ షాపు ఫ్లెక్సీయే.

దీనికి నేను పని ఒప్పుకోను. 2012లో ఢిల్లీ హైకోర్టు ముందుకి టైటాన్ వేసిన కేసు వచ్చింది, అమితాబ్, జయా బచ్చన్‌ల తనిష్క్ యాడ్‌ని ఒక నగల షాపు తన హోర్డింగ్ మీద పెట్టుకుంది. కోర్టు చూసింది ముఖ్యంగా ఒకటే, అందులో ఉన్నది ఫలానా వాళ్లని గుర్తుపట్టగలమా అని. అనుమతి లేకుండా వాడారు, గుర్తుపట్టగలం, అంతే. జనం మోసపోయారని విడిగా రుజువు చెయ్యక్కర్లేదు అంది. అదీ పెద్ద కంపెనీ యాడ్ కాదు, ఒక షాపు హోర్డింగే.

2023లో అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు మొహం, గొంతు, డైలాగు, ఏఐతో చేసిన పోలికలు అన్నీ కలిపి అడ్డుకుంది. మనవాళ్లలో 2025 సెప్టెంబరులో నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఇలాంటి మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. "లోకల్ షాపుని ఎవరు పట్టించుకుంటారు" అనే రోజులు పోయాయి, ఫ్లెక్సీ ఫొటో ఇన్‌స్టాలో పడేది మీ అబ్బాయి చేతే.

గాంధీ, నెహ్రూ, శివాజీ మహరాజ్, ప్రధానమంత్రి బొమ్మలైతే కోర్టు దాకా కూడా అక్కర్లేదు, 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టంలోనే వ్యాపారానికి వాడకూడదని ఉంది.

పేరులేని మామూలు మనిషిని పోలితే?

వెతికి పట్టుకోలేం, అది ఒప్పుకోవాలి. నూట నలభై కోట్లమందిలో ఎవరో ఒకరిని ఏ మొహమైనా పోలుతుంది. మనం చెయ్యగలిగింది లోపలికి ఎవరి ఫొటో ఇవ్వకుండా ఉండటం, ప్రాంప్ట్‌లో ఎవరి పేరూ లేకుండా ఉండటం, అది నిరూపించగలగడం. క్లయింట్ ఊళ్లో ఎవరైనా తెలిసినావిడలా ఉందా అని మాత్రం తప్పకుండా అడుగు, ఎందుకంటే సీసాలు అమ్మేది ఆ ఊళ్లోనే.

సీసాలు అమెరికాలో మన బంధువుల ద్వారా కూడా అమ్ముతాం. ఇదే చెక్ సరిపోతుందా?

సరిపోదు. ట్రేడ్‌మార్క్ ఒక్కో దేశానిది వేరు, అక్కడి రిజిస్ట్రీ uspto.gov లో మళ్లీ వెతకాలి. మనుషుల పోలిక విషయంలో అక్కడ రాష్ట్రానికో చట్టం, కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 3344 కింద కనీసం 750 డాలర్ల పరిహారం, అసలు నష్టం అంతకంటే ఎక్కువైతే దాని బదులు అది. అక్కడ మొహం పోలాల్సిన పని కూడా లేదు అన్న కేసు ఉంది, 1992లో శాంసంగ్ యాడ్‌లో ఒక రోబోకి విగ్గు, గౌను వేసి టీవీ గేమ్ షో బోర్డు పక్కన నిలబెట్టారు, ఆ షోలో బోర్డు దగ్గర నిలబడే వాన్నా వైట్ అనే ఆవిడ నన్నే గుర్తుచేస్తున్నారని కేసేస్తే అప్పీల్ కోర్టు ఆమె వాదన వినాల్సిందే అంది. అంటే మొహం మార్చినా చుట్టూ ఉన్న సెట్టింగ్ అంతా ఒక మనిషినే చూపిస్తుంటే చాలదు.

క్లయింట్‌కి ఇచ్చే ఫైల్లో నా ప్రాంప్ట్ ఉంటుందా?

చాలాసార్లు ఉంటుంది. సొంత కంప్యూటర్లో కొన్ని ప్రోగ్రాములతో చేసిన పీఎన్‌జీ ఫైల్లో ప్రాంప్ట్, మోడల్ పేరు, సీడ్ నంబరు అన్నీ లోపల రాసి ఉంటాయి. చూడాలంటే exiftool అనే ప్రోగ్రాంతో కమాండ్ ఇలా కొట్టాలి:

```
exiftool label_v3.png
```

`Parameters` అనే లైన్ కనపడితే అదే. నేను దాన్ని చెరపను, ఒరిజినల్ అలాగే దాచుకుంటా, ప్రింట్‌కి వెళ్లే కాపీకి అది అక్కర్లేదు. ఒరిజినల్లో "ఫలానా హీరోయిన్ స్టైల్" అని లేదు అని చూపించడానికి అదే నా సాక్ష్యం. ఉంటే మాత్రం అదే అవతలివాళ్ల సాక్ష్యం.

క్లయింట్‌తో ఏం రాసుకోవాలి?

రెండు ముక్కలు చాలా ముఖ్యం. ఒకటి, ఈ బొమ్మ ఏఐతో చేసింది, ఫలానా ఫలానా చెక్‌లు చేశాం, ఇలాంటిదే ఇంకెవరికీ రాదని గ్యారెంటీ ఇవ్వలేం అని. ఒకే ప్రాంప్ట్ ఇంకొకడికీ దగ్గరి బొమ్మ ఇస్తుంది, కాబట్టి "మీకు మాత్రమే" అని అమ్మొద్దు. లోగోని మాత్రం మనిషి చేత గీయించమని చెప్తా నేను, ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకునేది అదే కాబట్టి.

రెండు, హక్కుల బదిలీ. అది సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, ఎంతకాలమో రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్లే అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. అమెరికాకి సీసాలు పంపేవాళ్లకి ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకుండా ఇస్తే సగం ఇచ్చినట్టే.

లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

వంద సీసాల లేబుల్‌కి ప్రతిసారీ వెళ్లలేం. నేను పెట్టుకున్న గీత ఇది: చూపించినవాళ్లలో ఇద్దరు ఒకే పేరు చెప్పినా బొమ్మ పారేస్తా, లాయర్ ఖర్చు కంటే కొత్త బొమ్మ చవక. పారేయడానికి క్లయింట్ ఒప్పుకోకపోతే, లేదా లోగోని రిజిస్టర్ చెయ్యాలనుకుంటే, లేదా హోర్డింగులు టీవీ దాకా వెళ్తుంటే అప్పుడు ట్రేడ్‌మార్క్ లాయర్‌కి నా స్క్రీన్‌షాట్ల ఫోల్డర్‌తో సహా పంపిస్తా.

ప్రింట్ అయిపోయింది, సీసాలు బజార్లో ఉన్నాయి, ఇప్పుడు నోటీసు వచ్చింది. ఏం చెయ్యాలి?

వాట్సాప్‌లో జవాబివ్వకు, "సారీ అండి తెలీక చేశాం" అని కూడా రాయకు. ఫైళ్లేవీ డిలీట్ చెయ్యకు, ప్రాంప్ట్, ఒరిజినల్, రూల్స్ పీడీఎఫ్, చెక్ చేసిన స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకచోట పెట్టు. ఎన్ని లేబుళ్లు కొట్టారు, ఎన్ని అతికించారు, ఎన్ని సీసాలు ఏ షాపులకి వెళ్లాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క తీసి రాసిపెట్టు, లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. కొత్తగా ప్రింట్ ఆపెయ్. నోటీసులో ఎన్ని రోజులు గడువిచ్చారో చూసుకుని, దానికి ముందే లాయర్ దగ్గరికి వెళ్లు.

మా ఆవకాయావిడ విషయంలో అక్కడిదాకా రాలేదులే. మూడో వెర్షన్ కూడా అయ్యాక ఆవిడే అంది, "ఇంత తిప్పలెందుకు బాబూ, మా అత్తగారు ఇంట్లోనే ఉంది కదా" అని. పెద్దావిడ ఫొటో తీసి, ఈ లేబుల్ మీద, దీనికి చేసే మార్పుల్లో, ఇండియాలోనూ బయటా వాడుకోవచ్చని ఒక పేజీ తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం పెట్టించాం. ఆవిడ పెట్టిన షరతు ఒకటే, బొమ్మలో వడ్డాణం ఉండాలని. అది మాత్రం ఏఐతోనే పెట్టాం.